మార్చి బిళ్ల

వాగు నీళ్లు మా గోదాములోకి వచ్చిన ఏడు నుంచి లెక్కపెడితే, ఇది మూడో ఏడు జరిగింది. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు.

నేను కోరుట్లలో ఎహసాన్ సేట్ బట్టల దుకాణంలో గోదాము చూసేవాణ్ని. చదివింది మూడో తరగతి వరకే. అంకెలు బాగా వస్తాయి. అక్షరాలు కూడబలుక్కుంటాను. మాట్లాడడం మొదటి నుంచీ తక్కువ.

నీళ్లు వచ్చిన ఏడు కింది వరుసల్లో ఉన్న సరుకంతా నాని కుళ్లిపోయింది. అందులో సగం ఏడాది పైబడి పడి ఉన్నదే. ధర తగ్గించడానికి మనసొప్పక, ఎప్పుడో ఒకప్పుడు పోతుందని సేట్ దాచుకున్నది. ఆ తర్వాత ఆయన కంప్యూటర్ తెచ్చి, కూతురు హుమేరాను కూర్చోబెట్టాడు. నెలకోసారి ఆమె ఒక కాగితం తీస్తుంది. ఏ సరుకు గోదాములోకి వచ్చి ఎన్ని రోజులైందో అందులో ఉంటుంది. తొంభై రోజుల లోపుంటే దాని జోలికి పోరు. తొంభై దాటితే ధరలో ఐదో వంతు తగ్గిస్తారు. నూట ఎనభై దాటితే నూటికి నలభై తగ్గించి ముందు బల్ల మీద పోస్తారు, ఆ రకం మళ్లీ తెప్పించరు. జగిత్యాలలో ఉన్న సేట్ రెండో దుకాణానికీ అదే కాగితం పోతుంది. దాని మీద సేట్‌కు నమాజు మీద ఉన్నంత నమ్మకం.

నా పద్ధతి వేరు. కంప్యూటర్ రాక ముందు నుంచీ నా దగ్గర రేకు బిళ్లలు ఉన్నాయి. ఒక్కో బిళ్ల మీద ఒక్కో నంబరు. సరుకు రాగానే కుప్పకు ఒక బిళ్ల కడతాను. కుప్ప అయిపోతే బిళ్ల మేకుకు వేలాడుతుంది, ఇంకో కుప్ప వస్తే దానికి పోతుంది. కంప్యూటర్ వచ్చాక హుమేరా మొదట నా బిళ్ల నంబర్లే ఎక్కించుకునేది, ఈ ఏడు ఎండాకాలంలో అది వద్దన్నది. ప్రతి సరుకుకూ కొత్త నంబరు అచ్చువేసిన చీటీలు తెప్పించింది. నేను చీటీలే కడుతూ వచ్చాను. సమ్మెలో అచ్చు కొట్టు మూతపడి చీటీలు అయిపోయాయి.

సమ్మె మొదలైన ఐదో రోజు, సెప్టెంబరు పదిహేడున, సిరిసిల్ల నుంచి పోచయ్య తువ్వాళ్లు వచ్చాయి. అరవై కట్టలు. పోచయ్యకు ఆరు సాంచాలు, అంటే మరమగ్గాలు. ఆయనా భార్య దేవమ్మా, మరో ముగ్గురూ వాటి మీదే బతుకుతారు. రాస్తారోకోలు తప్పించుకుంటూ పల్లె బాటల మీదుగా ట్రాలీలో తెచ్చాడు. మార్చిలో తెచ్చిన ఆయన తువ్వాళ్లు అప్పటికే అమ్ముడుపోయి, వాటి నూట పదిహేడో బిళ్ల మేకుకు ఉంది. అదే మనిషి, అదే తువ్వాలు. అదే బిళ్ల కట్టాను.

హుమేరా అడిగింది కూడా, ఇవి నూట పదిహేడులోకేనా అని. తల ఊపాను. మార్చి సరుకులో మిగిలినవనుకుని ఆమె ఆ నంబరు కిందే అరవై కట్టలు ఎక్కించుకుంది. కంప్యూటర్‌లో ఆ నంబరుకు పుట్టిన తేదీ మార్చి నాలుగు.

అక్టోబరు మూడున, దసరా మూడు రోజులుందనగా, హుమేరా కాగితం తీసి తండ్రికి చదివి వినిపించింది. నేను గుమ్మం దగ్గర కట్టలు విప్పుతున్నాను. పోచయ్య తువ్వాళ్లు, అరవై కట్టలు, రెండు వందల పదమూడు రోజులు అన్నది. నా చేతిలో సుతిలి తాడు ఆగిపోయింది. పదహారు రోజుల సరుకది. సమ్మెలో దుకాణం తెరిచిందే నాలుగు పూటలు, అందుకే ఒక్క కట్టా కదలలేదు.

సేట్ ఇంకేమీ చూడలేదు. తెల్లారి బల్ల మీద పోయమన్నాడు, ధర చీటీలు రాయమన్నాడు. తర్వాత పోచయ్యకు ఫోన్ చేశాడు. కొత్త సరుకు వద్దని, పాతవే కదలడం లేదని చెప్పి పెట్టేశాడు.

అప్పుడే చెప్పాల్సింది. చీటీలు అయిపోయాయని ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి? పైగా ఆ ఒక్క బిళ్లే కాదు, సమ్మెలో వచ్చిన సరుకుకంతా మేకు మీది బిళ్లలే కట్టాను. పదకొండు. ఈ వయసులో నన్ను ఇంకెవరు పెట్టుకుంటారు?

మధ్యాహ్నం దుకాణం ఫోన్ మోగింది. హుమేరా నాకిచ్చింది. పోచయ్య.

“సత్తన్నా, బట్టల ఏమన్న ఖరాబున్నదానే?”

లేదన్నాను.

“మరి సేట్ గట్ల వద్దన్నడేంది? సమ్మె గుర్తుండాలని గీ సారి గులాబీ అంచు ఏసిన. సాంచల మీద ఇంకో వంద కట్టలకు నూలు ఎక్కించి పెట్టిన. ఆపాల్నా, నడపాల్నా? నువ్వొక్క మాట చెప్పు. దేవమ్మ పొద్దట్నుంచి బువ్వ తింటలేదు.”

నాకు అంత మాట రాదు. “చూస్త” అన్నాను.

“చూస్త అంటే ఏంది? నలభై ఏండ్ల సంది గిదే మాట. నువ్వు సచ్చినా చూస్తనే అంటవు.” నవ్వబోయి ఆగిపోయాడు. “రేపు పొద్దుగాల్లకు చెప్పన్నా. గంతసేపే ఆగుత. మనుషులను ఇండ్లకు పంపాలె మరి.”

ఇంటికి పోయినా కుదురు లేదు. మా రాజలక్ష్మి సద్దుల బతుకమ్మకు పువ్వులు తెంపుతూ, ఏమైందని రెండుసార్లు అడిగింది. ఏం లేదన్నాను. అన్నం ముందు కూర్చున్నా అంకెలే తిరిగాయి. రెండు వందల పదమూడు, పదహారు. ఆగిపోబోతున్న ఆ ఆరు సాంచాల చప్పుడే చెవుల్లో ఉండిపోయింది.

తెల్లారి అందరికంటే ముందు పోయాను. నా దగ్గర గోదాము తాళం ఉంటుంది. నూట పదిహేడు కుప్పలో పై కట్ట దించి, గోనె కుట్లు కోశాను. గులాబీ అంచు. మార్చిలో వచ్చినవి నీలం అంచువి. ఒక తువ్వాలు తీసి భుజం మీద వేసుకుని, రేకు బిళ్ల చేత పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

సేట్, హుమేరా కలిసే వచ్చారు. ఆమె చేతిలో ధర చీటీలు ఉన్నాయి. తువ్వాలు సేట్ ముందు పరిచాను.

“సేట్, ఇవి సమ్మెల అచ్చినయి. పాత బిళ్ల నేనే కట్టిన. ఇసొంటివి ఇంకా పది ఉన్నయ్.”

ఆయన అంచు వేలితో రాసి చూశాడు.

“నిన్న నా ముంగటనే ఉన్నవ్ గదా సత్తయ్యా.”

“ఉన్న.”

“పది బిళ్లలంటే ఈ కాగితం అంతా తప్పే గదా. పాతయి ఏవి, కొత్తయి ఏవి, నాకెట్ల తెలుస్తది?”

హుమేరా ధర చీటీలు పక్కన పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది. పోచయ్య అరవై కట్టలకు కొత్త నంబరు ఇచ్చింది, తేదీ సెప్టెంబరు పదిహేడు వేసింది, నూట పదిహేడును సున్న చేసి మూసేసింది. మళ్లీ లెక్క తీస్తే తువ్వాళ్లు తొంభై రోజుల లోపు వరుసలోకి వచ్చాయి. పదిహేడు రోజులు.

“తాతా, మిగిలిన పది ఎప్పుడెప్పుడు వచ్చినయో యాదికున్నదా?” అని అడిగింది.

“ఉన్నది బిడ్డా.”

నన్ను ఉంచుతాడా, పొమ్మంటాడా, సేట్ ఆ మాట ఎత్తలేదు. నేను అడగలేదు. ముందు ఫోన్ దగ్గరికి పోయి పోచయ్య నంబరు నొక్కాను. సాంచాలు నడపమన్నాను. అవతల ఆయన ఏదో అడుగుతుంటే పెట్టేశాను. తర్వాత కత్తెర తీసుకుని గోదాములోకి పోయి, మొదటి వరుస నుంచి బిళ్లలు కోస్తూ, ఒక్కో కుప్ప వచ్చిన తేదీ గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.