వెనక మెట్లు

నూరేళ్ళ నాటి ఆ మేడకు మరమ్మతులు తలపెట్టిన ఆర్కిటెక్టు, అందులో కాపురముంటున్నవాళ్ళను వసారాలో కూర్చోబెట్టి నక్షా పరిచింది. "మీకు ముఖ్యమైన చోట ఎర్ర చుక్క అంటించండి" అంది.

చెక్కడాలున్న ముందు మెట్ల మీదే చుక్కలు పడతాయనుకుంది. తరవాతెప్పుడో కట్టినవని తాను కొట్టేయించబోతున్న వెనక మెట్ల మీద పదకొండు పడ్డాయి.

"ఇక్కడెందుకండీ?"

పై అంతస్తులో బట్టలు కుట్టే పెద్దావిడ నెమ్మదిగా చెప్పింది. "ముందు మెట్ల మలుపులో స్ట్రెచరు తిరగదమ్మా. మా ఆయన్ని ఆస్పత్రికి దించింది ఇటే. ఆ తరవాత, ఆఖరిసారి కూడా..."

ఆర్కిటెక్టు టేపు తీసుకుని లేచింది. అందరినీ వెంటబెట్టుకుని రెండు వైపులా ఎక్కి దిగి కొలిచింది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. వాళ్ళ ముందే నక్షాలో 'తొలగించాలి' అన్న మాట కొట్టేసి, 'బలపరచాలి' అని రాసింది.