పదహారు మాత్రల లెక్క

రెండు పేజీలూ చదివి పెద్ద మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆసుపత్రి మందుల విభాగానికి ఆవిడే పెద్ద. ఎంత చిన్న తప్పయినా పట్టేస్తారని చాటున అందరూ ఆవిణ్ణి భూతద్దం అంటారు.

"ఇందులో నువ్వెక్కడున్నావమ్మాయ్?"

ఎదురుగా కూర్చున్న ఫార్మసిస్టుకి అర్థం కాలేదు. "అంతా నా గురించే కదా మేడం."

"లేబుల్ తప్పుగా టైపయింది. కంప్యూటర్ దానంతటదే 'రోజూ' అని చూపించింది. కౌంటర్ దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. ఇదీ నువ్వు రాసింది. లైసెన్సు రెన్యువల్ నీకా, కంప్యూటర్‌కా?"

నవ్వాలో వద్దో తెలియక ఆమె కాగితాల వైపు చూసింది. రెన్యువల్‌కి పెట్టే పోర్ట్‌ఫోలియో దస్త్రంలో ఒక పొరపాటు గురించి ఆత్మపరిశీలన రాయాలి, దాన్ని ఒక సీనియర్‌తో కూర్చుని చర్చించాలి. తన పొరపాటు ఏదో వెతుక్కోనక్కర్లేదు. మూడు నెలల క్రితం కీళ్ళవాతం ఉన్న ఒక పెద్దాయనకి వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ని 'రోజుకి నాలుగు మాత్రలు' అన్న లేబుల్‌తో ఇచ్చింది. వారానికి నాలుగు చొప్పున నాలుగు వారాలకి పదహారు మాత్రలవి. పెద్దాయన వాటిని నాలుగు రోజుల్లో మింగేశాడు. ఐదో రోజు మళ్ళీ మాత్రల కోసం కోడలు కౌంటర్ దగ్గరకి వచ్చి, మామగారి నోరంతా పుళ్ళు పడ్డాయని చెప్పినప్పుడు గానీ ఆమెకి తప్పు తెలియలేదు. అప్పటికప్పుడు డాక్టర్‌కి ఫోన్ చేసింది. పెద్దాయనని వార్డులో చేర్చారు. రక్తకణాలు పడిపోయాయి, విరుగుడు మందు ఎక్కించారు. పది రోజులకి తేరుకున్నాడు. తప్పు తనదేనని ఆమె కుటుంబానికి చెప్పింది, జరిగినదాని మీద ఆసుపత్రికి ఇన్సిడెంట్ రిపోర్టూ రాసింది.

"ఇంకోటి అడుగుతాను," అన్నారు మేడం. "ఆ రోజు నిన్ను ఆపబోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఆమె కాగితాలు దగ్గరికి లాక్కుంది. "లేరు మేడం."

"సరే. మళ్ళీ రాసుకురా."

బయటికి వచ్చి వరండాలో నిలబడింది. ఉన్నారు. ఆ రోజు మాత్రలు చేతికిస్తుంటే కోడలు అడిగింది: "డాక్టర్‌గారు నెల తర్వాత రమ్మన్నారండీ. ఇవి నాలుగు రోజులకే అయిపోతాయి కదా?" వెనక పదిమంది నిలబడి ఉన్నారు. "లేబుల్ మీద ఉన్నట్టే వాడండి," అనేసి తర్వాతి చీటీ అందుకుంది. ఈ మాట రిపోర్టులో రాయలేదు. ఫారంలో దానికి గడి లేదని తనకి తాను చెప్పుకుంది.

మేడం అలా అడిగారంటే ఎవరో చెప్పే ఉండాలి. ఆ రోజు పక్కన ఉన్నది ఒక్క లేబుల్ బాబాయే. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. చీటీ చూసి లేబుల్ టైపు చేసేది ఆయన, సరిచూసి సంతకం పెట్టేది ఆమె. ఆలోచించేకొద్దీ అనుమానం ముదిరింది. ఈమధ్య తను గదిలోకి వస్తే బాబాయి మాట ఆపేస్తున్నాడు. కాగితమేదో సొరుగులోకి తోసేస్తున్నాడు. నిన్న మేడం గదిలోంచి రావడం కూడా చూసింది.

వకీలుగా పనిచేసే అన్నయ్యకి ఫోన్ చేస్తే ఆమె భయాన్ని ఇంకా పెంచాడు. "నీ చేత్తో నువ్వే రాసిచ్చి సంతకం పెడతావా? రేపు ఆ కాగితమే నీ మెడకి చుట్టుకుంటుంది. పేషెంటు పేరు రాయొద్దన్నారా?"

"పేరు, తేదీ, మంచం నంబరు ఏవీ ఉండకూడదు అన్నయ్యా. అది నియమం. వాళ్ళ వివరాలు బయటపడకూడదని."

"ఆయన వివరాలు దాస్తారు, నీవి మాత్రం బట్టబయలు. బావుంది."

మర్నాడు మధ్యాహ్నం స్టోర్ రూంలో అట్టపెట్టెలు దించుతున్న బాబాయిని ఆమె సూటిగా అడిగేసింది. "మేడంతో ఏం చెప్పావు బాబాయ్?"

ఆయన చేతిలో పెట్టె కింద పెట్టాడు. "నువ్వేం రాశావు తల్లీ? అది చెప్పు ముందు."

"నేనా?"

"లేబుల్ తప్పుగా టైపయిందని రాశావు కదా, నీ బల్ల మీదున్న కాగితం చూశాను. టైపు చేసింది నేనేగా. రిటైరయ్యే ముందు నా మీద మచ్చ వేస్తావేమోనని వారం రోజుల్నుంచి తిండి సయించడం లేదు. అందుకే నా తప్పేదో నేనే రాసిచ్చాను మేడంకి. చీటీ మీద 'వారానికి' అని ఉంటే కంప్యూటర్ చూపించిన 'రోజూ' మార్చకుండా వదిలేశానని."

"కోడలు నన్ను అడిగిన సంగతి?"

"ఏ సంగతి? నేను లోపల ప్రింటర్ దగ్గరున్నాను."

ఆమె పెట్టె మీద కూలబడింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి తనని చూసి భయపడుతున్నాడు! తను రాసిన రెండు పేజీల్లో తప్పంతా పోయి పోయి ఆయన వేళ్ళ మీదే పడింది మరి.

ఆ సాయంత్రం కొత్త కాగితం తీసుకుంది. "నేను సరిచూడలేదు" అని మొదలుపెట్టింది. చీటీని లేబుల్‌తో పోల్చకుండా, లేబుల్‌ని డబ్బాతో పోల్చి సంతకం పెట్టాను. కుటుంబసభ్యురాలు సరైన లెక్కతో ప్రశ్న అడిగితే, ఆవిణ్ణి వరసని ఆలస్యం చేసే మనిషిగా చూశాను తప్ప నన్ను కాపాడబోతున్న మనిషిగా చూడలేదు. జనం ఎక్కువగా ఉండడం నిజమే, కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి పట్టేది అర నిమిషం. ఇప్పుడు వారపు మందులకి ఏ రోజో లేబుల్ మీద రాయిస్తున్నాను, మాత్రల సంఖ్యని రోజులతో లెక్కగడుతున్నాను, ఎలా వాడతారో వాళ్ళ నోటితోనే చెప్పించుకుంటున్నాను. గత నెల ఇలా అడిగితే ఇంకొకరి చీటీలో తేడా దొరికింది.

మర్నాడు మేడం దాన్ని చివరిదాకా చదివారు.

"మీకెవరు చెప్పారు మేడం, ఆపబోయారని?"

"ఎవరూ చెప్పలేదు. ఆ ప్రశ్న నేను అందరినీ అడుగుతాను." మేడం కాగితం పక్కన పెట్టారు. "కానీ ఇది పోర్ట్‌ఫోలియోలో మాత్రమే ఉంటే కుదరదు. రిపోర్టులో లేని విషయం ఇది. అందులో చేర్చాలి, ఆ కుటుంబానికీ చెప్పాలి."

ఇందుకేనా ఇదంతా రాయించింది? అన్నయ్య మాటలు చెవిలో మోగాయి. "నా ఉద్యోగానికి..."

"ఏమీ కాదని నేను మాటివ్వలేను. నీ పక్కన కూర్చుంటాను, అంతే."

ఆమె ఆ రోజే రిపోర్టులో చేర్చింది. రెండు రోజుల తర్వాత పెద్దాయన పరీక్షకి వచ్చినప్పుడు కొడుకూ కోడలూ కూడా వచ్చారు. చిన్న గదిలో, మేడం పక్కనుండగా, ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆవిడ నన్ను అడిగారు. లెక్క కరెక్టుగా చెప్పారు. నేనే వినలేదు."

కోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను అడగలేదని ఇంట్లో అందరూ నన్నే అన్నారండీ. అడిగానంటే నమ్మలేదు. ఆఖరికి నిజంగానే అడిగానా అని నాకే అనుమానమొచ్చింది."

పెద్దాయన తల దించుకున్నాడు. కొడుకు మాత్రం ముఖం ముడుచుకునే ఉన్నాడు. "మూడు నెలలయ్యాక ఇప్పుడెందుకు చెప్తున్నారు? మా చేత ఏమైనా సంతకం పెట్టించుకోవాలా?"

"అక్కర్లేదండీ. మీరు ఫిర్యాదు చేయాలనుకుంటే ఎక్కడ చేయాలో చెప్తాను."

అతను చిరునామా రాసుకున్నాడు. ఫిర్యాదు చేస్తాడో లేదో అతని ముఖం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. వెళ్ళేటప్పుడు మాత్రం పెద్దాయన మందుల సంచి కోడలి చేతికిచ్చి, "నువ్వే ఒకసారి లెక్కచూడమ్మా," అన్నాడు. ఆ అమ్మాయి అక్కడే కుర్చీలో కూర్చుని, ఎవరి తొందరా లేకుండా, ఒక్కొక్క మాత్రా లెక్కపెట్టింది. ఫార్మసిస్టు ఆవిడ ఎదురుగా నిలబడి, లెక్క పూర్తయ్యేదాకా ఆగింది.