ఆరు పాయింట్ డెబ్బై ఐదు

మా తోడికోడలికి అన్నీ కలిసొస్తాయి. ఈ మాట కుళ్ళుతోనే అంటున్నాను, దాచుకోవడం ఎందుకు? నా పెళ్ళయిన పదేళ్ళకి ఆమె మా ఇంటికి చిన్నకోడలుగా వచ్చింది. వచ్చిన ఏడాదికే పీజీలో చేరతానంది. నేను ఒకప్పుడు ఇంప్రూవ్‌మెంట్ పరీక్షలు రాసుకుంటానని అడిగితే, ఉన్న ఉద్యోగం చాలదా అని నోరు మూయించిన మా అత్తయ్యే, ఈవిడకి రోజూ పొద్దున్నే లేచి క్యారేజీ కట్టి ఇచ్చింది.

నాకు ఇంప్రూవ్‌మెంట్ ఎందుకంటే, మా రోజుల్లో గ్రేడులు లేవు, మార్కులే. రెండు వేలకి నాకు పదకొండు వందల తొంభై రెండు వచ్చాయి. శాతంలో యాభైతొమ్మిది పాయింట్ ఆరు. లెక్చరర్ పోస్టుకి అరవై కావాలి. ఎనిమిది మార్కులు. పాఠం చెప్పాల్సినదాన్ని, పాఠాలు చెప్పించుకున్నవాళ్ళ మార్కులు చూసే యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమస్తాగా చేరాను. చేరి పంతొమ్మిదేళ్ళయింది. మూడో నంబరు కౌంటరు నాది.

ఆ బుధవారం కౌంటరు ముందు ఒక అమ్మాయి మెమో పట్టుకుని గొడవ పెట్టుకుంటోంది. పాస్ మార్కు యాభై కదా, తనకి యాభై ఆరు వస్తే ఫెయిలని ఎలా వేస్తారని.

"రాతపరీక్షలో ఎన్నొచ్చాయమ్మా?" అన్నాను.

"డెబ్బైకి ఇరవై ఏడు. ఇంటర్నల్స్‌లో ముప్పైకి ఇరవై తొమ్మిది."

"రాతపరీక్షలో విడిగా నలభై శాతం రావాలి. అంటే ఇరవై ఎనిమిది. అది దాటాకే రెండూ కలిపి యాభై వచ్చాయా లేదా అని చూస్తాం. నువ్వు మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోయావు. రీకౌంటింగ్‌కి పెట్టుకో, పదిహేను రోజులు టైముంది."

ముక్కూ మొహం తెలియని పిల్లకి ఇంత ఓపిగ్గా చెప్పానా, ఆ పిల్ల వెనకే మా తోడికోడలు నిలబడి ఉంది. చేతిలో నాలుగు సెమిస్టర్ల మెమోలు, ఒక అప్లికేషన్ ఫారం.

"అక్కా, రేపు నాలుగింటికి లాస్ట్ డేటు. లెక్చరర్ పోస్టు. శాతం సర్టిఫికెట్ మీ దగ్గరే తీసుకోవాలట" అంది.

ఆ పోస్టు ప్రకటన నేను నెల క్రితమే చూశాను. చూసి, ఈవిడ కంటపడకుండా ఉంటే బాగుండునని పేపరు మడిచి అటక మీద పెట్టాను. అయినా కంటపడింది.

"కానీ లాభం లేదక్కా" అంటూ ఒక చిత్తు కాగితం ముందుకు తోసింది. "ఇదిగో చూడు. ఆరు పాయింట్ ముప్పైతొమ్మిది, ఆరున్నర, ఆరు పాయింట్ తొంభై, ఏడు పాయింట్ సున్నా ఎనిమిది. నాలుగూ కూడి నాలుగుతో భాగిస్తే ఆరు పాయింట్ డెబ్బై ఒకటి చిల్లర. అందులోంచి మీ ముప్పావు పాయింటు తీసేసి పదితో గుణిస్తే యాభైతొమ్మిది పాయింట్ ఆరు దగ్గరే ఆగిపోయింది. అరవై కావాలంటే సగటు ఆరు పాయింట్ డెబ్బై ఐదు ఉండాలి కదా. సరిగ్గానే వేశానా?"

సరిగ్గా వెయ్యలేదు. కాగితం చూసిన క్షణంలోనే నాకు తెలిసింది. సెమిస్టర్ సగటులు నాలుగూ కూడి నాలుగుతో భాగించడం మా కౌంటరు దగ్గర రోజుకి పదిమంది చేసే తప్పు. అన్ని సెమిస్టర్లూ ఒకే బరువుండవు. మొదటి రెండూ పద్దెనిమిదేసి క్రెడిట్లు, మూడోది ఇరవై, ప్రాజెక్టున్న చివరిది ఇరవై నాలుగు. ఎక్కువ మార్కులొచ్చిన సెమిస్టరే ఎక్కువ బరువున్నది. లెక్క సరిగ్గా వేస్తే సగటు పైకి పోతుంది. ఎంత పైకో నేను వెయ్యలేదు. వెయ్యదలుచుకోలేదు.

నా కళ్ళు మెమోల మీద పరిగెత్తుతున్నాయి. అరవై, అరవై ఒకటి, డెబ్బై, యాభై ఒకటి. అన్నీ అంచు మీద నిలబడ్డ మార్కులే. అరవై వచ్చినా ఏడు పాయింట్లే, అరవైతొమ్మిది వచ్చినా ఏడు పాయింట్లే. ఏడు పాయింట్లంటే మా సూత్రం ప్రకారం అరవై రెండున్నర శాతం. అంటే ఈవిడ అరవైకి అరవై రెండున్నర లెక్క! నా మార్కులకి మాత్రం ఎనిమిది తక్కువైతే ఎనిమిదీ తక్కువే.

"సరిగ్గానే వేశావు" అన్నాను.

పంతొమ్మిదేళ్ళ సర్వీసులో తప్పు లెక్కని ఒప్పని చెప్పడం అదే మొదటిసారి.

ఆమె మొహం చిన్నబోయింది. "పోనీలే. నువ్వు చూశావు కాబట్టి సరిపోయింది. లేకపోతే అరవై అని రాసి పరువు పోగొట్టుకునేదాన్ని" అని, మెమోల జిరాక్సులూ ఫారమూ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. వాటిని సొరుగులో పడేసి తర్వాత మనిషిని పిలిచాను.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి వంటింట్లో గిన్నెలు తోముతోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అత్తయ్య గుమ్మంలో కూర్చుని తనకి తోచిన ఓదార్పేదో చెబుతోంది.

"ఏం చేస్తాంలే. పెద్దదానికీ అంతే, చిన్నదానికీ అంతే. ఇద్దరు కోడళ్ళూ యాభైతొమ్మిది దగ్గరే ఆగారు" అంది.

మా తోడికోడలు నా వైపు తిరిగి నవ్వింది. "అవునక్కా. ఇన్నాళ్ళూ నీకు ఎంత కష్టమనిపించి ఉంటుందో నాకివాళ తెలిసింది. మనిద్దరం ఇప్పుడు ఒకటే."

నిజం చెప్పాలి. నాకు సంతోషం కలిగింది. ఆరేళ్ళుగా నేను కోరుకున్నది అదే. ఆమె కిందికి దిగి నా పక్కన కూర్చోవడం. తువ్వాలు తీసుకుని ఆమె కడిగిన గిన్నెలు తుడిచాను కూడా. మూడో గిన్నె తుడిచేసరికి ఆ సంతోషం కాస్తా వెగటుగా మారింది. నావి నిజంగా ఎనిమిది మార్కులు తక్కువ. ఆమెవి నా నాలుక మీద తక్కువయ్యాయి. ఇందులో ఒకటి కావడం ఎక్కడుంది?

మర్నాడు ఆఫీసుకి అరగంట ముందే వెళ్ళాను. మంచితనం పొంగి కాదు. తప్పు లెక్క ఒకటి నా సొరుగులో ఉందంటే నాకు ఊపిరాడదు, అంతే. జిరాక్సులు తీసి కాలిక్యులేటర్ ముందు పెట్టుకున్నాను. ప్రతి సెమిస్టర్ సగటునీ ఆ సెమిస్టర్ క్రెడిట్లతో గుణించాను. అన్నీ కూడితే ఐదు వందల ముప్పైతొమ్మిది పాయింట్ తొంభై నాలుగు. మొత్తం క్రెడిట్లు ఎనభైతో భాగించాను.

ఆరు పాయింట్ డెబ్బై నాలుగు తొమ్మిది.

శాతం యాభైతొమ్మిది పాయింట్ తొంభైతొమ్మిది!

కుర్చీలో వెనక్కి వాలాను. అబద్ధమాడినా పాపం అంటలేదు. దారి తప్పయినా చేరింది అక్కడికే. మా సూపరింటెండెంటు గారిని అందరం చాటుగా దశాంశం గారంటాం. చివరి అంకెని పైకి సవరించమని కాళ్ళమీద పడ్డా సవరించరు. ఆయన దగ్గరికి పంపితే ఇది యాభైతొమ్మిదే. హాయిగా టీ తెప్పించుకున్నాను.

టీ సగంలో ఉండగా నా కన్ను ఏడు పాయింట్ సున్నా ఎనిమిది మీద పడింది. ఎనిమిది తర్వాత ఏముంది? మెమో మీద రెండు స్థానాలే అచ్చు వేస్తాం. మిగతాది దగ్గరి అంకెకి సర్దేస్తాం. అలా సర్దిన అంకెని మళ్ళీ గుణిస్తే వచ్చేది అసలు మొత్తం కాదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు నేను చెప్పే పాఠం అదే. సగటులతో కాదు, పాయింట్లతో మొదలుపెట్టాలి. ప్రతి సబ్జెక్టు గ్రేడు పాయింటునీ దాని క్రెడిట్లతో గుణించి కూడిన మొత్తం మెమో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు.

చూడకూడదనే అనుకున్నాను. టీ పూర్తిగా తాగాను. గ్లాసు కడిగాను. తర్వాత చూశాను.

నూట పదిహేను. నూట పదిహేడు. నూట ముప్పై ఎనిమిది. నూట డెబ్బై.

కూడితే ఐదు వందల నలభై. ఎనభైతో భాగిస్తే ఆరు పాయింట్ డెబ్బై ఐదు. వెంట్రుకవాసి ఎక్కువా లేదు, తక్కువా లేదు. అరవై శాతం, నిఖార్సుగా.

నాకు ఎనిమిది మార్కులు తక్కువైనప్పుడు ఇలా అడుగున చూసినవాళ్ళెవరూ లేరు. చూసినా అక్కడేమీ ఉండేది కాదు. అదే నా ఏడుపు. సర్టిఫికెట్ టైపు చేశాను. పేరు కొడుతుంటే వేళ్ళు రెండుసార్లు తప్పాయి. దశాంశం గారు పాయింట్లన్నీ స్వయంగా మళ్ళీ కూడి, "ఒక్క పాయింటు తక్కువైనా సంతకం పెట్టేవాణ్ణి కాదు. ఎవరీ అమ్మాయి?" అన్నారు.

"మా తోడికోడలండీ."

"అదృష్టవంతురాలు. ఇంట్లోనే మీరున్నారు" అంటూ స్టాంపు గుద్దారు.

ఫోన్ చేసి రమ్మన్నాను. పన్నెండున్నరకి ఆయాసపడుతూ వచ్చింది. నిన్న వదిలేసిన ఫారంతో పాటు కౌంటరు కంతలోంచి సర్టిఫికెట్ ఇచ్చాను. చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళనిండా నీళ్ళు.

"అరవయ్యా అక్కా! మరి నా లెక్క?"

"తప్పు. క్రెడిట్లతో గుణించాలి."

"నిన్న నీక్కూడా తట్టలేదన్నమాట" అంది నవ్వుతూ. తప్పుకోవడానికి దారి తానే చూపించింది. అవునంటే సరిపోయేది. సాయంత్రం ఇల్లంతా నన్ను మెచ్చుకునేది. కానీ ఆ అమాయకపు నవ్వు చూసేసరికి నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. అన్నీ ఆమెకేనా, చివరికి నన్ను క్షమించే పెద్దమనసు కూడా?

"తట్టింది. చూడగానే తట్టింది. తెలిసే సరిగ్గానే వేశావన్నాను" అన్నాను.

"ఎందుకు?"

"కుళ్ళుతో."

వరుసలో వెనకున్నవాళ్ళు గొణుగుతున్నారు. ఆమె నవ్వు వెంటనే పోలేదు. మొహం మీద ఉన్నచోటే ఉండి మెల్లగా ఆరిపోయింది. తిడితే బాగుండును. సర్టిఫికెట్‌ని ఫైల్లో పెట్టుకుని, ఫైలుని గుండెకి ఆనించుకుంది. ముట్టినట్టు రాసే రిజిస్టర్ నేనే ముందుకి జరిపాను.

పెన్ను తీసుకుని నా వైపు చూడకుండా అడిగింది.

"ఎక్కడ సంతకం పెట్టాలి మేడం?"