బజ్జీ లేని ఉగ్గాని

తనకల్లు సంతలో సరిగ్గా జనం ముసురుకునే వేళకు తిమ్మక్క బండి మీద గ్యాస్ మంట సన్నబడింది. దరిద్రుడి పెళ్లికి వడగండ్ల వాన అంటే ఇదే. మారు సిలిండరు లేదు. ఏజెన్సీవాళ్లు పది రోజులుగా "లోడు రాలేదు" అనే మాట తప్ప ఇంకోటి చెప్పడం లేదు. ఈ ఒక్క సాయంత్రం అమ్మితేనే వారమంతా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మిగతా ఆరు రోజులూ బండి దగ్గర ఈగలు తోలుకోవడమే.

తిమ్మక్క ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. బండి వెనకాల, దూరంగా, మూడు రాళ్లు పెట్టి కంప రాజేసింది. ఉగ్గానికి మంటతో పెద్ద పని లేదు. బొరుగులు నీళ్లలో ముంచి, గట్టిగా పిండేసి, ఒక్క తిరగమాతలో కలిపి, పుట్నాల పొడి చల్లితే చాలు.

"బజ్జీలు ఈ పొద్దుకు ఆపేయప్పా. ఉత్త ఉగ్గానే అమ్ముదాం" అంది మొగుడితో.

ఎర్రప్పకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్లుగా బజ్జీలు వేసే చెయ్యి అతనిది. "బజ్జీ లేని ఉగ్గాని ఎవురు తింటార్మే? మొగం తిప్పుకోని పోతారు."

"ఆకలైనోడు తింటాడులే."

ఆమె అటు తిరిగిందో లేదో, అతను సిలిండరును పక్కకు పడుకోబెట్టాడు. అడుగున మిగిలింది వస్తుందని ఆ సంతలో బండివాళ్లంతా చేసే పనే. అందరూ చేస్తారు కదా అని నిప్పు ఊరుకుంటుందా? లోపలి గ్యాస్ నీళ్లలా ట్యూబులోకి పొర్లింది. మంట మనిషెత్తు లేచి, బాణలిలో నూనె అంటుకుంది.

తిమ్మక్క రెగ్యులేటరు కట్టేసి బాణలి మీద మూత బోర్లించింది. ఎర్రప్ప కుడిచెయ్యి మోచేతిదాకా కాలిపోయింది. క్యానులో ఉన్న నీళ్లన్నీ ఆ చేతి మీదే పోసింది.

ఆమె తమ్ముడు కుళ్లాయప్ప ఆటో తెచ్చి బావను ఎక్కించాడు. తిమ్మక్క కూడా ఎక్కబోతే ఎర్రప్ప పళ్లు బిగబట్టి, "నువ్వు ఈడ్నే ఉండు. బొరుగులు నానిపోయినాయి" అన్నాడు. ఆమె ఆగిపోయింది. ఆగినందుకు తన్ను తానే తిట్టుకుంది, తిట్టుకుంటూనే తిరగమాత వేసింది.

జనం తిన్నారు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని మళ్లీ పెట్టించుకుని మరీ తిన్నారు. బజ్జీ ఏదని ఒక్కరైనా అడుగుతారేమోనని తిమ్మక్క ప్రతి ప్లేటుకూ ముఖాలు చూసింది. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పొద్దు గూకేసరికి బేసిను ఖాళీ.

కదిరి ఆసుపత్రిలో ఎర్రప్ప చేతికి కట్టు కట్టారు. వేళ్లు ఇక మునుపటిలా ముడుచుకోవని డాక్టరమ్మ తిమ్మక్కను పక్కకు పిలిచి చెప్పింది.

ఆమె మంచం దగ్గరికి రాగానే అతను అడిగిన మొదటి మాట, "ఉత్త ఉగ్గాని తిన్యారా?"

తిమ్మక్క అతని కట్టు చేతికేసి చూసింది.

"యాడ తిన్యారప్పా! బజ్జీ లేదంటానే మొగం తిప్పుకోని పోయినారు. బొరుగులన్నీ ఎనుములకేసినా."

"చెప్పలేదా నేను" అన్నాడు ఎర్రప్ప, కాస్త తృప్తిగా కళ్లు మూసుకుంటూ.