ఇంకా రెండు సెషన్లు

రెండు రోజుల సెలవు మంజూరైందని మా సారు నరసింగరావుగారు చెప్పేసరికి నా చేతిలో టీ ఇంకా వేడిగానే ఉంది. పెళ్లయిన నెలకి దొరికిన మొదటి సెలవు. మా ఆయన ఈశ్వర్‌కి మెసేజ్ పెడితే నాలుగు నవ్వుబొమ్మలు పంపాడు. సారు పెట్టిన షరతు ఒక్కటే. పాత డేటాబేస్‌ని సాయంత్రంలోగా తీసేసి వెళ్లాలి.

శ్రీకాకుళంలో మా చిన్న ఆఫీసు తీరగ్రామాల పడవల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. ఆదివారం అన్నిటినీ కొత్త డేటాబేస్‌లోకి మార్చాను. పాతది ఉంటే పొరపాటున ఎవరో ఒకరు దాన్నే తెరుస్తారని సారు బెంగ.

పాతదాని నకలు ఒక ఫైలులో దాచి, పాతదాన్ని తుడిచేసే డ్రాప్ ఆదేశం కొట్టాను. డేటాబేస్‌ని నడిపే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోలేదు. ఇంకా రెండు సెషన్లు, అంటే తెరిచి ఉన్న రెండు కనెక్షన్లు, దాన్ని వాడుతున్నాయంది.

ఎవరా అని జాబితా చూస్తే ఒకటి నాదే. పొద్దున తెరిచి మరిచిపోయిన కిటికీ. నవ్వుకుంటూ మూసేశాను. రెండోది మా ఆఫీసులో పడవల వివరాలు ఎక్కించే గురమ్మగారి కంప్యూటర్ నుంచి. దాన్ని తెంచడానికి ఒక్క వరుస ఆదేశం చాలు. అదీ కొట్టాను, ఎంటర్ ఒక్కటే మిగిలింది. అప్పుడు చూశాను దాని స్థితి: లావాదేవీ మధ్యలో ఖాళీగా ఉంది. అంటే ఏదో రాసి ఇంకా సేవ్ చెయ్యలేదు. తెంచితే ఆ రాసిందంతా పోతుంది.

లేచి ఆవిడ దగ్గరికి వెళ్లాను. నిన్న సోమవారం అందరికీ కొత్త డేటాబేస్ ఐకాన్ చూపించాను కాని, గురమ్మగారు సెలవు పెట్టి తన ఊళ్లోనే ఉండిపోయారు. నాకు గుర్తే లేదు.

"నాకెవులూ సెప్పలేదే పిల్లా. పొద్దున్నుంచీ ఇరవై మూడు పడవలు కొట్టాను," అందావిడ.

మధ్యమధ్యలో సేవ్ చెయ్యరా అని అడిగాను.

"ఊరు పూర్తయితేనే నొక్కుతాను. మా కాడ వలంతా ఒడ్డుకొచ్చాకే సేపలు పంచుతారు, సగంలో పంచుతారేటి?"

ఇంకా పద్దెనిమిది మిగిలాయి. నేను కాగితాలు చదివాను, ఆవిడ కొట్టింది. అయిదున్నరకి సేవ్ నొక్కి ప్రోగ్రామ్ మూసింది. ఆ నలభై ఒక్క పడవల్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి, నకలు మళ్లీ తీశాను. ఎవరూ మళ్లీ కలవకుండా ముందు పాతదాని తలుపు మూసి, తర్వాత డ్రాప్ కొట్టాను. ఈసారి మారుమాట లేకుండా పోయింది.

కాగితాలతో సరిచూడటం మాత్రం మిగిలింది. గురమ్మగారి బస్సు ఆరింటికి. తప్పు నాది కాబట్టి ఆవిడని ఆపలేదు. ఈశ్వర్‌కి ఫోన్ చేశాను.

"బావా, రేపు పొద్దున్న మనం అనుకున్న రైలుబండి మానీ. పదకొండింటిదాకా నేను, గురమ్మగారు కూర్చుంటాం. నువ్వు ఆఫీసుకే వచ్చెయ్యి, మధ్యాహ్నం బండికి నౌపడ వెళ్లి ఉప్పుమళ్లు చూద్దాం."