చిలకపచ్చ పట్టుచీర, ఉన్నదున్నట్టు

స్వరూప అమ్మకానికి పెట్టిన చీర గురించి చదివినవాళ్లు ముందు జడుసుకునేవాళ్లు, తర్వాత కొనేవాళ్లు. కొందరు జడుసుకున్న దగ్గరే ఆగిపోయేవాళ్లు.

సూర్యాపేట కొత్త బస్టాండు వెనక రెండు గదుల ఇల్లు ఆమెది. వాడిన చీరలు తీసుకుని, పాతవాటితో లంగాలు, గౌన్లు కుట్టి, వాట్సాప్ గ్రూపులో పెట్టి అమ్ముతుంది. గ్రూపులో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆడవాళ్లు రెండు వందల పైచిలుకు ఉన్నారు. ఎవరి చీర అన్నది బయటపెట్టదు. చీర ఎట్లా ఉన్నదో మాత్రం ఏదీ దాచదు.

దాచిన రోజు ఒకటుంది. పాత పట్టుచీర కోసి కుట్టిన లంగాను "చక్కగా ఉంది" అని రాసి కోదాడకు పంపింది. నడుం దగ్గర కుట్టు విప్పి వదులు చేసిన సంగతి గానీ, అక్కడ బట్ట చివికిన సంగతి గానీ రాయలేదు. ఓణీల ఫంక్షన్లో ఆ పిల్ల పెద్దలకు దండం పెడదామని వంగింది, లంగా పర్రుమంది. మూడో రోజు పార్సిల్ తిరిగొచ్చింది. అందులో ఉత్తరం ముక్క లేదు. లంగా, దాన్ని ఆ పూటకు పట్టి ఉంచిన పదకొండు పిన్నీసులు. తిట్టినా బాగుండేదని స్వరూప చాలా రోజులు అనుకుంది.

ఆ ఏడు పెద్దగట్టు జాతరలో లింగమంతుల స్వామికి మొక్కుకుంది. "ఇగ ఉన్నదున్నట్టే రాస్త, స్వామీ."

స్వామి విన్నాడో లేదో గానీ, గ్రూపు మాత్రం విన్నది. పొద్దున తొమ్మిది లోపు తూర్పు కిటికీ వెలుతురులోనే ఫోటో తీసేది, ట్యూబులైటు కింద రంగు మారుతుందని. ప్రతి లోపం పక్కన రూపాయి బిళ్ల పెట్టేది, ఎంత పెద్దదో తెలియాలని. కింద రాసేది: "పిల్లల గౌను. రెండు కాటన్ చీరలు కలిపి కుట్టింది. జేబు పాత లుంగీది. ముందు భాగం వెలిసింది, ఇంకా వెలుస్తుంది. ఎడమ చంక కింద పసుపు మరక, మూడుసార్లు ఉతికినా పోలేదు."

"ఇది అమ్మకమా, పంచనామానా?" అనేవాడు ఆమె భర్త గోవర్ధన్.

ఒక మంగళవారం మిర్యాలగూడ నుంచి నవనీత వచ్చింది. సంచిలో చిలకపచ్చ పట్టుచీర. కూతుర్ని హాస్టల్లో వేస్తున్నారట, పెట్టె, దుప్పట్లు కొనాలట.

"మడత గూడ విప్పలేదక్కా. మా గృహప్రవేశానికి మా వదినె పెట్టింది. కొత్తదని రాయి."

"చూసి రాస్త," అంది స్వరూప.

నవనీత బస్సెక్కి వెళ్లాక, మర్నాడు పొద్దున చీర కిటికీకి అడ్డంగా పట్టి చూసింది. అంచు వెంట సన్నటి చిల్లులు వరసగా కనిపించాయి. ఫాల్ కుట్టి విప్పితే పట్టు మీద పడే సూది గుర్తులు. ఆ మేర రంగు ముదురుగా ఉంది. మిగతా చీర ఒక రవ్వ వెలిసింది. కుచ్చిళ్ల దగ్గర రూపాయంత చోట చిల్లును పోగులతో పూడ్చిన రఫూ కూడా ఉంది. స్వరూప ఫోన్ చేసింది.

"నవనీతా, ఫాల్ కుట్టించినవా?"

"లేదక్కా! మడతే విప్పలేదంటిని గద."

"ఎవరో కట్టిన్రు దీన్ని. రఫూ గూడ ఉంది."

"అంటే... వదినె కట్టి, నాకు పెట్టిందా?" ఆ వెంటనే గొంతు తగ్గింది. "అక్కా, నీకు దండం పెడ్త, ఆ రఫూ ఫోటో పెట్టకు. అండాలు వదినె గూడ గ్రూపుల ఉంది. రంగు చూస్తే ఏ చీర అయినా అనుకుంటది, రఫూ చూస్తే గుర్తుపడ్తది. నేను పెట్టిన చీర అమ్ముకుంటవా అని మా ఆయన ముంగట, చుట్టాల ముంగట నా పరువు తీస్తది."

"కొన్నామెకు నేనేం చెప్పాలె మరి? వద్దంటే చీర వాపస్ ఇస్త. పెడితే మాత్రం రఫూతోనే పెడ్త."

నవనీత గొణిగింది, నిట్టూర్చింది. హాస్టల్ పెట్టె గుర్తొచ్చి చివరికి, "పెట్టు. నా పేరు మాత్రం చెప్పకు," అంది.

స్వరూప ఎనిమిది ఫోటోలు పెట్టింది. రఫూను ఫోన్లో పెద్దది చేసి చూసి రాసింది: "కుచ్చిళ్ల వైపు రఫూ. పని మోటుగా ఉంది."

రెండో రోజు మధ్యాహ్నం గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. నిండైన మనిషి, చేతిలో ఫోను.

"స్వరూప అంటే మీరేనా? నా పేరు అండాలు. కోదాడ నుంచి వస్తున్నానండీ."

నవనీత చెప్పిన పేరే. స్వరూప లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చింది.

"ఆ పచ్చచీర తీసెయ్యండి గ్రూపులోంచి."

"ఎందుకమ్మా?"

"ఎందుకంటే..." అండాలు ఆగింది. తను పెట్టిన చీరేనంటే, రఫూ చూసి ఎట్లా గుర్తుపట్టావని అడుగుతారు. అది ఆమెకు అప్పుడే తట్టినట్టుంది. "తప్పు రాశారు కాబట్టి."

"తప్పుంటే ఇప్పుడే దిద్దుత. ఏది తప్పో చెప్పు."

అండాలు ఫోను దూరంగా పట్టి ఒక్కో మాటా చదివింది. ఫాల్ గుర్తుల దగ్గర దగ్గింది. వెలిసిన దగ్గర నీళ్లు తాగింది. చివరి మాట దగ్గర ముఖం ఎర్రబడింది.

"మోటా? ఏది మోటు? చీర లోపలి అంచు నుంచే పోగులు లాగి, మూడు మధ్యాహ్నాలు గడపలో కూర్చుని ఒక్కో పోగూ ఎక్కించిన. నా కండ్లు పోయినయ్. మోటంట!"

కోదాడ మర్యాద ఎటు పోయిందో, పుట్టింటి మాట బయటకొచ్చింది. అన్నాక అండాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

స్వరూప చీర తెచ్చి కిటికీ దగ్గర పరిచింది. వేలితో తడిమితే తగల్లేదు. వెనక్కి తిప్పితే ఒక్క ముడి కనిపించలేదు. బిళ్ల పెట్టి, పెద్దది చేసి చూస్తే ఏ పనైనా మోటుగానే ఉంటుంది మరి. అబద్ధం ఆడొద్దని మొక్కుకుంది, ఉన్నదానికన్నా చెడ్డగా రాస్తే అది మాత్రం నిజమెట్లా అయితది? పిన్నీసుల భయంతో ఇన్నాళ్లు ఎన్ని చీరలకు అన్యాయం చేసిందో. చెడ్డది రాస్తే చాలు, స్వామి మొక్కు తీరినట్టేనని ఎందుకనుకుంది?

"నాదే తప్పు," అని అప్పుడే దిద్దింది. "చేతి రఫూ. సొంత పోగుతో చేసింది. చాలా సన్నని పని. చేతికి తగలదు." గ్రూపులో పెట్టింది.

"నేను వచ్చిన సంగతి నవనీతకు చెప్పకు," అంది అండాలు. చీర ఎవరిదో తను చెప్పనే లేదని స్వరూప గమనించింది.

"నా అంతట నేను చెప్ప. అడిగితే మాత్రం అబద్ధమాడ."

చాయ్ పెట్టేలోగా ఫోన్ మోగింది. నవనీత. పొయ్యి దగ్గర చేతులు ఖాళీ లేక స్వరూప స్పీకర్ నొక్కింది.

"అక్కా, చేతి పని అని నీకెవరు చెప్పిన్రు?"

స్వరూప అండాలు వైపు చూసింది. అండాలు పైకప్పు వైపు చూసింది.

"చేసినామె చెప్పింది."

చాయ్ పొంగింది. ఇక లాభం లేదని అండాలు ఫోన్ అందుకుంది.

"ఏం పిల్లా, కట్టుకొమ్మని పెడ్తే అమ్ముకుంటవా?"

"కొత్తదని పెట్టినవు గద వదినా. కొత్తచీరకు రఫూ ఉంటదా?"

"ఒక్కసారే కట్టిన. అగర్బత్తి రవ్వ పడ్డది. కాలిందని పారేస్తరా ఎవరన్నా?"

"పారేయరు. మరదలుకు పెడ్తరు."

అండాలు పెదవి బిగపట్టింది. పట్టలేక నవ్వింది. అటు నుంచి నవనీత నవ్వు కూడా వినిపించింది. స్వరూప చాయ్ వడబోసింది.

"వదినా, ఇంకో మాట," అంది నవనీత. "పాప పుట్టిన్నాడు నువ్వు పెట్టిన ఎర్రచీర గూడ అక్కకు ఇద్దామనుకుంటున్న. దాని సంగతేమన్న ఉంటే ఇప్పుడే చెప్పు. పంచనామా తప్పది."

అండాలు చాయ్ ఒక గుక్క తాగింది. చాలాసేపు ఆలోచించింది.

"కొంగు మీద నూనె మరక," అంది చివరికి. "రెండు."

స్వరూప పెన్ను తీసింది.