నొప్పి లేని సూది

కాలు విరిగి మూడు నెలలు ఇంట్లో పడున్నాక మళ్ళీ ఆసుపత్రిలో అడుగుపెట్టాను. నా బదులు వచ్చిన కొత్త నర్సుని అందరూ తెగ పొగిడేస్తున్నారు.

"ఆ అమ్మాయి హస్తవాసి మంచిదక్కా! సూది వేస్తుంటే పిల్లలు ఏడవడమే లేదు," అంది ఆయా.

నాకు ఒళ్ళు మండింది. కీళ్ళజ్వరం వచ్చిన పిల్లల గుండె పాడవకుండా మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ అది. చిక్కటి మందు, ఎవరు వేసినా ప్రాణం పోయినట్టుంటుంది. ఇరవై ఏళ్ళుగా నన్ను రాక్షసి అని తిట్టని పిల్ల లేదు. మరి వీళ్ళెందుకు ఏడవడం లేదు?

మందుల బీరువా తెరిచాను. ఈపాటికి ఖాళీ అవ్వాల్సిన అర నిండా సీసాలే.

"పదిమందికీ ఒక్క సీసా సరిపోతోందక్కా," అంది కొత్తమ్మాయి సంబరంగా. "సీసాలో పన్నెండు లక్షల యూనిట్లున్నాయి. పెద్ద డాక్టరుగారు పంపిన కొత్త కాగితంలో ఒక్కొక్కరికి 1.2 మిలియన్ అనేగా ఉంది?"

"మిలియనంటే ఎంతే?"

"లక్షేగా?"

"పది లక్షలే తల్లీ! ఒక్కొక్కళ్ళకి ఒక్కో సీసా."

ఆమె గబగబా ఆ కాగితం తీసి మళ్ళీ చదివింది.

అప్పుడే వరండాలోకి, ఈ సూది కోసమే వచ్చే పిల్లల్లో మా గడుగ్గాయి వచ్చింది. ఎప్పుడూ మెట్లు రెండేసి చొప్పున ఎక్కే పదేళ్ళ పిల్ల, ఇవాళ వాళ్ళ నాన్న చంకలో ఉంది. మోకాళ్ళు వాచిపోయాయి, కూర్చోబెట్టినా రొప్పుతోంది.

నన్ను చూడగానే నాన్న చొక్కా గట్టిగా పట్టుకుంది.

"రాక్షసి వద్దు నాన్నా. ఆ అక్కే వెయ్యాలి."